బిడియపు అమ్మాయి, స్టీలు బిందె: ఈ కథను ఎలా రాయాలి

తరగతిలో నోరు విప్పని ఒక అమ్మాయి, ఇంట్లో రోజూ వాడే వస్తువు ఒకదానిని తీసుకొని దాని చుట్టూ తన ప్రసంగాన్ని అల్లుకోవడం ఇతివృత్తంగా చిన్న కథ రాయదలచినవారి కోసం ఈ పద్ధతిని వివరిస్తున్నాను. ఉదాహరణగా తీసుకున్న కథ హైదరాబాద్‌లోని వారాసిగూడలో నడుస్తుంది. అందులో రేణుక తొమ్మిదో తరగతి చదువుతోంది. భౌతికశాస్త్రం మాస్టారు 'ధ్వని' పాఠం మీద తలా అయిదు నిమిషాలు మాట్లాడమన్నారు. కథ నిడివి 1200 నుంచి 1500 మాటలు ఉంటే చాలు. అంతకు మించితే బడి వాతావరణం, స్నేహితురాళ్ళు, పరీక్షలు అన్నీ లోపలికి వచ్చి చేరతాయి, వస్తువు పక్కకు పోతుంది.

మొదటి పని: వస్తువును ఎంచుకోవడం

ఇటువంటి కథ అనగానే చాలామందికి ముందుగా తట్టేది తాతగారి గడియారం, అమ్మమ్మ గొడుగు, పాత ఉత్తరం. నేనూ ఒకప్పుడు నాన్న చేతి గడియారంతో ఇదే కథ రాసి ఒక పత్రికకు పంపాను. తిరిగి వచ్చిన కాగితం అంచున పెన్సిలుతో ఒకే ఒక వాక్యం ఉంది: "గడియారం తీసి కళ్ళజోడు పెడితే ఏం మారుతుంది?" ఏమీ మారదు. నా కథలో గడియారం నాన్న మీద ప్రేమను గుర్తు చేయడానికి తప్ప మరెందుకూ పనికిరాలేదు. కళ్ళజోడు ఆ పనిని అంతే చక్కగా చేయగలదు.

అప్పటి నుంచి నేను వస్తువును మూడు ప్రశ్నలతో పరీక్షిస్తున్నాను. ఆ అమ్మాయి చేతులు రోజూ ఆ వస్తువుతో ఏదైనా పని చేస్తున్నాయా? ఆ పని వల్ల తరగతిలో మిగిలినవారికి తెలియని సంగతి ఏదైనా ఆమెకు తెలిసిందా? ఆ సంగతిని అయిదు నిమిషాల్లో, నలభై మంది ముందు, మాటల కన్నా చేతలతో ఎక్కువగా చూపించవచ్చా? గడియారం మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. టిఫిన్ డబ్బా మొదటిది దాటుతుంది కానీ, దాని గురించి మూత తీసిన ఎవరికైనా తెలియని విషయం ఏముంటుంది?

బిందె మూడింటినీ దాటుతుంది. హైదరాబాద్ బస్తీల్లో చాలాచోట్ల నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, వచ్చిన కాసేపట్లోనే బిందెలు, బకెట్లు, డ్రమ్ములు అన్నీ నిండాలి. రేణుక నల్లా కింద బిందె పెట్టి లోపల పుస్తకం చదువుకుంటుంది. నిండబోతున్నదని చప్పుడును బట్టి తెలుసుకొని, నీళ్ళు పొర్లకముందే లేచి వెళ్తుంది. ఇది ఆమెకు ఎవరూ నేర్పలేదు. తనకు ఒక విద్య తెలుసునని కూడా ఆమెకు తెలియదు. కథకు ఇంతకన్నా మంచి వస్తువు దొరకదని నా అభిప్రాయం. మాట్లాడని అమ్మాయికి వినడం బాగా వచ్చి ఉండటం ఇక్కడ సహజంగా అమరింది.

రెండో పని: రాయడానికి ముందు మీరే నింపి చూడడం

ఈ మెట్టును దాటవేయకండి. ఒక చిన్న స్టీలు బిందెను, మూడు లీటర్లు పట్టేదాన్ని, తీసుకొని సీసాతో సన్నని ధారగా నీళ్ళు పోస్తూ కళ్ళు మూసుకొని వినండి. మొదట్లో గంభీరమైన, బొంగురు చప్పుడు వస్తుంది. నీటిమట్టం పెరుగుతున్న కొద్దీ అది సన్నబడుతూ, మెడ దగ్గరకు వచ్చేసరికి గబగబా పైకి ఎగబాకుతుంది. ప్లాస్టిక్ బిందెతోనూ ఇది జరుగుతుంది కానీ చప్పుడు మందంగా ఉంటుంది. అందుకే కథలో స్టీలు బిందెను పెట్టమంటున్నాను.

కారణం తెలుసుకొని ఉండడం మీకు అవసరం, కథలో చెప్పడం అవసరం లేదు. పడే నీరు రకరకాల చప్పుళ్ళను కలగలిపి పుట్టిస్తుంది. వాటిలో బిందెలోని గాలికి సరిపడే చప్పుడు ఒక్కటే బలపడి మనకు స్పష్టంగా వినిపిస్తుంది. నీరు పెరిగితే గాలికి చోటు తగ్గుతుంది, చోటు తగ్గితే పౌనఃపున్యం, అంటే గాలి సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందన్నది, పెరిగి చప్పుడు సన్నబడుతుంది. మెడ సన్నగా ఉండే పాత్రలో లోపలి గాలి నాలుగో వంతుకు తగ్గితే పౌనఃపున్యం సుమారు రెట్టింపు అవుతుంది. అంటే ముప్పావు వంతు నిండిన బిందె చప్పుడు, ఖాళీ బిందె చప్పుడు కన్నా దాదాపు ఒక స్థాయి పైన, కింది షడ్జం నుంచి పై షడ్జం అంత ఎత్తున ఉంటుంది. బిందె ఆకారం, ధార వేగం మారితే ఈ లెక్క కొంత అటూ ఇటూ అవుతుంది కనుక, రేణుక నోట అంకెలు పలికించకండి.

నింపి చూసినప్పుడు కాగితం మీద తట్టని విషయాలు మూడు బయటపడతాయి. ఒకటి, బరువు. ఇంట్లో వాడే పెద్ద బిందె పదిహేను లీటర్లు పడితే నీళ్ళే పదిహేను కిలోలు ఉంటాయి. దాన్ని బడికి మోసుకువెళ్ళే దృశ్యం హృద్యంగా ఉండవచ్చు కానీ, అంత బిందెను సీసాలతో నింపడానికే అయిదు నిమిషాలూ సరిపోవు. కనుక ఆమె దేవుడి దగ్గర పెట్టే మూడు లీటర్ల బిందెను అడిగి తీసుకువెళ్ళాలి, అది అమ్మతో ఒక చిన్న సంభాషణకు తావిస్తుంది. రెండు, తట్టినప్పుడు వచ్చే శబ్దం. దీని సంగతి తరువాత చెబుతాను. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: పైన ఫ్యాను తిరుగుతూ ఉంటే మొదట వచ్చే ఆ బొంగురు చప్పుడు సరిగా వినబడదు.

నా కథకు మలుపు ఈ ఫ్యాను దగ్గరే దొరికింది. తరగతిలో ఫ్యానులు తిరుగుతుంటాయి. వాటిని ఆపమని అడగకపోతే ఆమె తెచ్చిన విషయమే ఎవరికీ వినబడదు. అందువల్ల బిడియపు అమ్మాయి తరగతి ముందు పలికే మొదటి మాట ప్రసంగంలోని వాక్యం కాదు, "సార్, ఫ్యాన్ బంద్ చెయ్యాలె" అన్న అవసరపు మాట. ధైర్యం తెచ్చుకొని మాట్లాడింది అని రాసే పని మీకు తప్పిపోయింది. పని ఆమె చేత మాట్లాడించింది.

మూడో పని: బిడియాన్ని ఒక్క సంఘటనలో చూపడం

'సిగ్గు', 'బిడియం', 'భయం', 'గుండె దడదడ' అనే మాటలు కథలో ఎక్కడా రాకూడదని ముందే నియమం పెట్టుకోండి. వాటి బదులు ఒకే ఒక్క సంఘటన రాయండి. నేను రాసినది ఇది:

"బస్సు వారాసిగూడ స్టాపు దాటింది. దిగేది ఉందని కండక్టరుకు చెప్పాలంటే నలుగురు తిరిగి చూస్తారు. రేణుక తరువాతి స్టాపులో ఎవరో ముసలాయన దిగుతుంటే ఆయన వెనకే దిగి, అర కిలోమీటరు వెనక్కి నడిచింది. ఇంటికి వెళ్ళాక ఆలస్యం ఎందుకైందని అమ్మ అడిగితే బస్సు రాలేదని చెప్పింది."

చివరి వాక్యంలోని అబద్ధాన్ని గమనించండి. బిడియస్థులు తమ బిడియాన్ని దాచడానికి ఎంత కష్టపడతారో అక్కడ తెలుస్తుంది. హాజరు పలకలేకపోవడం, తోటి పిల్లలు నవ్వడం వంటి మరో మూడు సంఘటనలు మీకు గుర్తుకు వస్తాయి, వాటిని రాయకండి. ముఖ్యంగా ఏడిపించే పిల్లలను కథలోకి తేవద్దు. వారు వచ్చారంటే చివర వారికి బుద్ధి చెప్పవలసి వస్తుంది, కథ ఆ దారిన పోతుంది.

ఇంకొక విషయం. బిడియం ఉన్న పిల్ల ఇంట్లో కూడా మూగగా ఉంటుందని అనుకోకండి. చాలామంది ఇంట్లో గలగలా మాట్లాడతారు, తమ్ముళ్ళ మీద అరుస్తారు. ఈ తేడాను ఇంటి సన్నివేశంలో చూపితే బస్సు సంఘటన మరింత అర్థవంతమవుతుంది.

నాలుగో పని: ఇంటి సన్నివేశం

కథనాన్ని ప్రథమ పురుషలో, మామూలు రాత భాషలో నడపండి. సంభాషణలను మాత్రం బస్తీలో మాట్లాడే తెలంగాణ తెలుగులోనే రాయండి. ఈ రెండింటి మధ్య గీత స్పష్టంగా ఉండాలి. కథనంలో సగం వాక్యాలు మాండలికంలోకి జారిపోతే పాఠకునికి అది రచయిత గొంతో పాత్ర గొంతో తెలియదు.

"'మమ్మీ, నిండింది, బంజెయ్' అని రేణుక లోపలి నుంచి అరిచింది.

'నువ్వు సూసినవా?'

'ఇనబడ్తలేదా నీకు?'

అమ్మకు వినబడలేదు. వాకిట్లోకి వచ్చి చూస్తే బిందె మెడ దాకా వచ్చి ఉంది."

ఈ అయిదు వాక్యాల్లో పాఠకునికి కావలసినది అందింది: ఆమె గట్టిగా మాట్లాడగలదు, ఆమెకు వినబడేది పక్కవారికి వినబడదు, అది అసాధారణమని ఆమెకు తెలియదు. 'ఇనబడ్తలేదా నీకు?' అన్న ప్రశ్నే తరువాత ఆమె ప్రసంగానికి విత్తనం అవుతుంది. అయితే ఆ క్షణంలోనే ఆమెకు ఆలోచన తట్టిందని రాయకండి. రెండు రోజుల తరువాత, మళ్ళీ నల్లా వచ్చినప్పుడు, పుస్తకంలో చప్పుడు ఎంత సన్ననో ఎంత బొంగురో చెప్పే 'స్థాయిత్వం' అన్న మాట దగ్గర ఆమె వేలు ఆగనివ్వండి. బయట బిందె నిండుతూ ఉంటుంది. ఆ రెంటినీ కలపడం పాఠకుడికి వదిలేయవచ్చు.

ఇదే సన్నివేశంలో మరొక చిన్న పనిని పక్కన పెట్టినట్టుగా పెట్టండి. కరెంటు పోయిన రాత్రి అమ్మ వంటింట్లో బిందెను వేలి కణుపుతో తట్టి, ఇంకా ఎన్ని నీళ్ళున్నాయో అంచనా వేస్తుంది. ఒక వాక్యం చాలు. పాఠకుడు దాన్ని మరచిపోయేంత తేలికగా రాయండి.

అయిదో పని: తరగతి గది

కథలో మూడో వంతు నిడివి ఈ సన్నివేశానిదే కావాలి. ఇక్కడ తొందరపడితే మిగిలినదంతా వృథా. ముందు వస్తువులను అమర్చుకోండి: బల్ల మీద మూడు లీటర్ల బిందె, లీటరు నీళ్ళ సీసాలు మూడు, ఒక స్టీలు గరిటె, కింద ఒక ఖాళీ బకెట్, రేణుక చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం. ఆ కాగితాన్ని ఆమె ఎన్నడూ విప్పదు. విప్పలేదని కూడా మీరు చెప్పనక్కరలేదు, చివర తడిసి ఉందని చెబితే చాలు.

"రేణుక సీసా వంచింది. నీళ్ళు పడుతున్న సంగతి కనబడుతోంది కానీ వినబడడం లేదు. ఆమె పోయడం ఆపి పైకి చూసింది. తరగతి కూడా పైకి చూసింది.

'సార్, ఫ్యాన్ బంద్ చెయ్యాలె.'

మే నెల రాకపోయినా గదిలో ఉక్కగా ఉంది. మాస్టారు ఒక్క క్షణం ఆగి స్విచ్చు నొక్కారు. ఫ్యాను ఆగడానికి చాలాసేపు పట్టింది. రెక్కలు విడివిడిగా కనబడే దాకా రేణుక సీసా పట్టుకొని నిలబడింది.

'అందరు కండ్లు మూసుకోండ్రి. నిండిందనిపిస్తే చెయ్యి లేపుండ్రి.'"

ఇక్కడ ఆమెకు ఒక వెసులుబాటు దొరికిందని గమనించారా? నలభై మంది కళ్ళు మూసుకున్నారు, ఆమెను ఎవరూ చూడడం లేదు. ఈ సంగతిని ఆమె ముందే ఆలోచించి పెట్టుకున్నదా, అనుకోకుండా జరిగిందా అన్నది నేను తేల్చి రాయలేదు. మీరూ తేల్చకపోవడమే మేలు.

రెండో సీసా సగానికి వచ్చేసరికి ఇద్దరు ముగ్గురు తొందరపడి చేతులు ఎత్తుతారు, మూడో సీసా చివర్లో మిగిలినవన్నీ ఒక్కసారి లేస్తాయి. ఇది నేను ఇంట్లో పిల్లల మీద ప్రయత్నించి చూసి రాసిన క్రమం. అందరూ ఒకే క్షణంలో సరిగ్గా చెప్పారని రాస్తే అబద్ధంలా ఉంటుంది, ఎవరూ చెప్పలేకపోయారన్నా అంతే.

ఇక్కడితో ఆపేస్తే ప్రసంగం బాగుంటుంది కానీ కథ కాదు, ఎందుకంటే అన్నీ ఆమె అనుకున్నట్టే జరిగిపోయాయి. ఆమె సిద్ధపడని ప్రశ్న ఒకటి రావాలి, అదీ వస్తువులో నుంచే రావాలి. చివరి బెంచీ నుంచి ఒక అబ్బాయి అంటాడు: "జలతరంగంల నీళ్ళు ఎక్కువైతే సౌండ్ తగ్గుతది కదా? నువ్వు ఉల్టా చెప్తున్నవ్." అతను ఏడిపించడానికి అనలేదు, నిజంగానే అతనికి సందేహం వచ్చింది. పైగా అతను చెప్పినది సరైనదే. నీళ్ళ కప్పులను తట్టి వాయించే జలతరంగంలో, కప్పులో నీరు పెంచితే స్వరం కిందికి దిగుతుంది.

సమాధానం ఏమిటంటే, పోసేటప్పుడు మనకు వినబడేది లోపలి గాలి, తట్టేటప్పుడు వినబడేది పాత్ర గోడ. నీరు ఆనుకున్న గోడకు ఆ నీటి బరువు తోడవుతుంది, అది మెల్లగా కంపిస్తుంది, కనుక స్వరం దిగుతుంది. ఒకే బిందెలో ఒక స్వరం ఎక్కుతూ ఉంటే మరొకటి దిగుతూ ఉంటుంది. కానీ ఈ మాటలను రేణుక చేత చెప్పిస్తే అది పాఠం అవుతుంది. ఆమెకు తెలిసిన దారి వేరు. కరెంటు పోయిన రాత్రి అమ్మ వేలి కణుపు ఆమెకు గుర్తుకు వస్తుంది. గరిటె తీసుకొని నిండు బిందెను ఒకసారి తట్టుతుంది, సగం నీళ్ళు బకెట్లోకి వంచి మళ్ళీ తట్టుతుంది. స్వరం పైకి లేస్తుంది.

"'నువ్వు చెప్పింది కూడ కరెక్టే' అంది రేణుక. 'కొడితే బిందె చప్పుడు. పోస్తే బిందెల గాలి చప్పుడు.'"

అంతే చెప్పించండి. మీరు కూడా రాయడానికి ముందు గరిటెతో తట్టి చూసుకోండి. కొన్ని బిందెలు అంచు దగ్గర స్పష్టంగా పలుకుతాయి, పొట్ట దగ్గర డప్పులా అంటాయి. గుడ్డ మీదనో, మెత్తని చుట్టకుదురు మీదనో పెడితే బాగా మోగుతాయి, చేత్తో పట్టుకుంటే మూగబోతాయి. రేణుక మొదటిసారి ఎడమ చేత్తో బిందెను పట్టుకొని తట్టి, సరిగా మోగక చెయ్యి తీసేసిందని రాస్తే సన్నివేశం నిజమనిపిస్తుంది.

ఆరో పని: చరిత్రను బయటే ఉంచడం

హైదరాబాద్ నీళ్ళ గురించి రాస్తున్నప్పుడు ఒక ప్రలోభం తప్పక ఎదురవుతుంది. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద, ఆ తరువాత విశ్వేశ్వరయ్య సూచనలు, 1920లో పూర్తయిన, గండిపేట చెరువని కూడా పిలిచే ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్ ఎంతో ఆసక్తికరమైన సంగతులు. గండిపేట నీళ్ళు తాగినవాళ్ళు ఈ ఊరు వదిలిపోరన్న నానుడి ఇప్పటికీ పెద్దల నోట వినబడుతుంది. నా మొదటి ప్రతిలో రేణుక ఈ సంవత్సరాలన్నీ వరుసగా అప్పజెప్పింది. చదివి చూసుకుంటే అది ఆమె గొంతు కాదు, గ్రంథాలయంలో కూర్చున్న నా గొంతు. పైగా ప్రసంగం ధ్వని మీద, జలాశయాల మీద కాదు.

మొత్తం తీసేయవలసిన అవసరం లేదు. నాయనమ్మ గ్లాసు కింద పెడుతూ "గండిపేట నీళ్ళ రుచి వేరే" అన్న ఒక్క మాటను ఇంటి సన్నివేశంలో ఉంచుకున్నాను. సంవత్సరాలు మీ నోటు పుస్తకంలో ఉండనివ్వండి.

ఏడో పని: ముగింపు, సరిచూడడం

చప్పట్లు వద్దు. మాస్టారు మెచ్చుకోవడం, మొదటి బహుమతి, మరునాటి నుంచి ఆమె గలగలా మాట్లాడడం ఏదీ వద్దు. అయిదు నిమిషాల్లో ఎవరి స్వభావమూ మారదు. ఆ సాయంత్రం బస్సులో రేణుక తన స్టాపులో గొంతెత్తి చెప్పి దిగిందని రాయాలని మీకు బలంగా అనిపిస్తుంది, నేనూ రాసి కొట్టివేశాను. బస్సును మళ్ళీ తీసుకురాకుండా కథను గదిలోనే ముగించడం నాకు సరైనదిగా తోచింది:

"రేణుక బకెట్ తీసుకొని నీళ్ళు వేపచెట్టు మొదట్లో పోసి వచ్చింది. తిరిగి వచ్చేసరికి తరువాతి అమ్మాయి చార్టు పట్టుకొని మాట్లాడుతోంది. చెమటలు పడుతున్నాయి. ఫ్యాను వేయాలని ఎవరికీ గుర్తుకు రాలేదు."

పూర్తయిన ప్రతిని రెండు రోజులు పక్కన పెట్టి, ఎవరికైనా వినిపించండి. చదువుతున్నప్పుడు వారు ఫ్యాను మాట దగ్గర కొద్దిగా నవ్వి, జలతరంగం ప్రశ్న దగ్గర నిశ్శబ్దమైతే కథ నిలబడింది. ఆ ప్రశ్న దగ్గర 'అయితే ఎవరు చెప్పింది నిజం?' అని మధ్యలో అడిగితే, గరిటె తట్టే వాక్యాలు అస్పష్టంగా ఉన్నాయని అర్థం. అక్కడికి మాత్రమే వెళ్ళి, ఏ తట్టుడుకు బిందెలో ఎన్ని నీళ్ళున్నాయో తేటగా రాయండి. పత్రిక వారు వెయ్యి మాటలకే పరిమితం చేయమంటే ముందుగా నాయనమ్మ మాటను, తరువాత బస్సును తీసేయవచ్చు. కరెంటు పోయిన రాత్రి అమ్మ తట్టిన ఆ ఒక్క వాక్యాన్ని మాత్రం ముట్టుకోకండి, అది లేకపోతే తరగతిలో గరిటె ఎక్కడి నుంచో ఊడిపడినట్టు ఉంటుంది.